కబడ్డీ కోర్టులో గ్రేడు దేనికి?
2020 జాతీయ విద్యా విధానం ప్రోగ్రెస్ కార్డులో ఉపాధ్యాయుడి అంచనాతో పాటు పిల్లల స్వీయ అంచనా, తోటివారి అంచనా కూడా ఉండాలంది. మరి మాచర్లలోనో గురజాలలోనో హైస్కూల్లో కబడ్డీ ఆడించి ‘క్రీడాస్ఫూర్తి: ఎ’ అని రాస్తే, అది దేన్ని చూసి ఇచ్చిన గ్రేడు? పరిశీలన పత్రంలో కంటికి కనిపించే పనులే ఉండాలి. రైడర్ చెయ్యి తగిలిన పిల్లాడు విజిల్ పడకముందే చెయ్యెత్తి ఒప్పుకున్నాడా? ఒకడు కాలు పట్టగానే పక్కవాడు సాయానికి దూకాడా? కోర్టులో ఉన్న 14 మందినీ ఒక్క మనిషి చూడలేడు. ఒక్కో సగంలో నలుగురిని ఎంచుకుని, ఆ పని జరిగినప్పుడల్లా ఒక గీత పెట్టుకుంటే చాలు. అవకాశమే రాని పిల్లాడికి సున్నా వేయడం అన్యాయం, ఆ గడి ఖాళీగా వదలాలి. ఆట అవగానే ‘బాగా ఆడావా?’ అని అడిగితే అందరూ అవుననే రాస్తారు. ‘ఎప్పుడు సాయానికి వెళ్లలేకపోయావు, ఎందుకు?’ అని అడగాలి. సాయం గడిలో ఒక్క గీతా లేని కార్నర్ ఆటగాడు ‘రైడర్ వెనక్కి తిరిగాడనుకుని పక్కవాడి చెయ్యి వదిలేశా’ అని రాశాడనుకుందాం. వాడికి కలిసి ఆడే బుద్ధి లేక కాదు, రైడర్ కదలిక అందలేదు, నేర్పాల్సింది అదే. ఈ రాతకు మాత్రం మార్కులు వేయకూడదు. వేస్తే మరుసటి ఆట నుంచే పిల్లలు సారుకు నచ్చేది రాయడం మొదలుపెడతారు.