మైదాకు పండకపోతే పెళ్ళికూతురి తప్పా?

మా అన్న కూతురి పెళ్ళి మే నెలలో, కల్లూరులో మా ఇంట్లోనే జరిగింది. కర్నూలు ఎండలు తెలిసినవాళ్ళకు ఆ నెల గురించి చెప్పనక్కర్లేదు. పెళ్ళికి ముందురోజు రాత్రి ఎనిమిది గంటలకు నేనే మైదాకు పొడి జల్లించి, చిక్కటి టీ డికాక్షన్ పోసి కలిపి, మూత పెట్టి వంటింట్లో ఉంచాను. పొడి ప్యాకెట్టు మీద 'రాత్రంతా నానబెట్టాలి' అని ఉంది. మర్నాడు పదింటికి పిల్లకు రెండు చేతులకూ పెట్టారు. ఐదు గంటలు కదలకుండా కూర్చుంది పాపం. తీసి చూస్తే ఎండిన గడ్డి రంగు!

చూడ్డానికి వచ్చిన అమ్మలక్కలు ఊరుకుంటారా? "ఏంది పాపా, పండనే లేదే!" అని ఒకామె. "అత్తకు ప్రేమ తక్కువేమోలే" అని ఇంకొకామె. నవ్వుతూ అన్న మాటే, కానీ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అది చూసి బంధువుల పిల్ల ఒకతె పరుగెత్తుకెళ్ళి 'నల్ల మెహందీ' కోను తెచ్చి, అరచేతుల వెనక దిద్దింది. ఇరవై నిమిషాల్లో కాటుకలా నల్లగా పట్టింది. అందరూ భేష్ అన్నారు. మూడో రోజుకు ఆ గీతల వెంబడే ఎర్రగా ఉబ్బి పొక్కులొచ్చాయి. కొత్త కాపురంలో మొదటి వారం చేతులకు మందు రాసుకుంటూ గడిచింది.

ఇందులో అత్త ప్రేమా లేదు, పిల్ల అదృష్టమూ లేదు. తప్పు నాది. ఆ మైదాకు చేతికి పెట్టేనాటికే చచ్చిపోయింది. కంటికి ఏ తేడా తెలియకుండా చచ్చిపోయింది, అంతే.

మైదాకులో ఎర్రరంగు సిద్ధంగా ఉండదు. ఆ రంగు పదార్థం పేరు లాసోన్. ఆకులో అది ఒక రకం చక్కెరతో ముడిపడి ఉంటుంది. ఆ ముడి ఉన్నంతసేపూ మన చర్మానికి పట్టదు. నీళ్ళు తగిలాక ముడి మెల్లగా విడుతుంది. విడిపోయిన పదార్థానికి గాలి సోకితే లాసోన్ అవుతుంది. నానబెట్టడమంటే ఇదే. పొడిని మెత్తబరచడానికి కాదు, ముడి విడిపోవడానికి. కలిపిన వెంటనే పెట్టుకుంటే రంగు సగమైనా బయటికి రాదు.

అయితే బయటికొచ్చిన రంగు మన కోసం కాచుకుని కూర్చోదు. గిన్నెలోని ఆకు పదార్థాలకే అంటుకుంటుంది, గాలికి ఇంకా మారిపోతుంది. అప్పుడు మన చేతికి పట్టే శక్తి పోతుంది. అంటే కలిపిన మైదాకుకు ఒక ఎక్కుడు ఉంది, ఒక దిగుడు ఉంది. రెండింటినీ తొందరపెట్టేది వేడి. ఇరవై, ఇరవై రెండు డిగ్రీల చల్లటి గదిలో రాత్రంతా పట్టే పని, ముప్ఫై ఎనిమిది డిగ్రీల వంటింట్లో రెండు మూడు గంటల్లో అయిపోతుంది. మరి 'రాత్రంతా' అని రాసినవాళ్ళు ఏ ఊరి రాత్రిని తలచుకుని రాశారు? మన వైపు మే నెల రాత్రుల్లో మాత్రం గోడలు తెల్లవార్లూ పొయ్యిలా సెగలు కక్కుతాయి. నా గిన్నె పద్నాలుగు గంటలు ఆ సెగలోనే ఉంది.

పెళ్ళి హడావుడి అయ్యాక నాకు మనసొప్పలేదు. మిగిలిన అదే పొడిని మూడు పింగాణీ గిన్నెల్లో రెండేసి చెంచాలు వేశాను. ఒకదాన్లో మామూలు నీళ్ళు, రెండోదాన్లో చల్లారిన టీ డికాక్షన్, మూడోదాన్లో నిమ్మరసం, నీళ్ళు సగం సగం. ఉదయం తొమ్మిదికి కలిపి వసారాలో పెట్టాను. అక్కడ ముప్ఫై ఎనిమిది డిగ్రీలుంది. గంట గంటకూ ఒక్కో గిన్నెలోంచి శనగగింజంత తీసి అరచేతిలో చుక్క పెట్టుకుని, అరగంట ఉంచి తుడిచేయడం. "చేతికి అమ్మవారు పోసిందా ఏంది?" అని మా ఆయన ఎగతాళి.

నీళ్ళ గిన్నె పదింటికే నారింజ రంగు ఇచ్చింది. పదకొండుకు బాగా పట్టింది. మధ్యాహ్నం ఒంటిగంటకు తగ్గడం మొదలై, సాయంత్రం ఆరింటికి అచ్చం పెళ్ళికూతురి చేతి రంగే! టీ గిన్నె కూడా దాదాపు అదే దారిలో నడిచింది. తుడిచినప్పుడు టీ చుక్క కాస్త గోధుమగా కనబడింది గానీ, సబ్బు పెట్టి ఒక్కసారి కడిగితే ఆ అదనం పోయింది. నిమ్మ గిన్నె మాత్రం పదింటికి ఏమీ ఇవ్వలేదు. పదకొండుకు లేతగా, ఒంటిగంటకు బాగా, సాయంత్రం ఆరింటికి కూడా బాగానే పట్టింది. తెల్లవారేసరికి అదీ వెలిసిపోయింది.

ఇంకో మాట. రెండు రోజుల తర్వాత నీళ్ళ గిన్నె పదకొండింటి చుక్కనూ, నిమ్మ గిన్నె ఒంటిగంట చుక్కనూ పక్కపక్కన చూస్తే రెండూ ఒకటే ముదురు రంగు. గుర్తు రాసుకోకపోతే ఏది ఏదో చెప్పలేను.

కాబట్టి నిమ్మరసం రంగు 'తెస్తుంది' అనడం నిజం కాదు. పులుపు చేసే పని వేరే. బయటికొచ్చిన రంగు గాలికి మారిపోకుండా కాస్త పట్టి ఉంచుతుంది, అంటే ఎక్కుడునూ దిగుడునూ రెండింటినీ నెమ్మదింపజేస్తుంది. పెళ్ళింట్లో పదిమంది చేతులకు పెట్టాలంటే ఈ నిదానమే మనకు లాభం. ఒక్క చేతికి, కలిపిన రెండు గంటల్లో పెట్టేసుకుంటానంటే వట్టి నీళ్ళు చాలు. నిమ్మ ఎక్కువైతే సున్నితమైన చర్మం మండుతుంది. తలకు పెట్టుకునేవాళ్ళయితే అంత నిమ్మ అసలే వద్దు, మాడు దురద పెట్టి వెంట్రుకలు గరుకవుతాయి.

టీ సంగతి ఇంకా తేలిక. టీలో పులుపు ఉన్నా నిమ్మ ముందు అదెంత? దాని వగరు పదార్థాలు మైదాకు రంగులా చర్మంలో దిగి కూర్చోవు. చెడుపు చేయదు, మేలూ చేయదు. పాతికేళ్ళుగా నేను మరగబెట్టిన డికాక్షనంతా తాగివున్నా బాగుండేది!

మరి మా అవ్వ ఏం చేసేది? చెట్టు నుంచి దూసిన పచ్చి ఆకును, చిన్న చింతపండు ముక్క వేసి, రోట్లో వెన్నలా నూరి అప్పటికప్పుడు పెట్టేది. ఆషాఢం వస్తే మా అందరికీ అదే. నానబెట్టడం ఆమెకు తెలియదు, ఆ అవసరమూ రాలేదు. పచ్చి ఆకులో తడి ఉంది, నూరుతుంటేనే ఆకు కణాలు చితికి ముడి విడిపోవడం మొదలవుతుంది, చేతి మీద ఉన్న రాత్రంతా మిగతా పని జరుగుతుంది. చింతపండు పులుపు ఆ రాత్రంతా రంగును కాపాడుతుంది. 'నానబెట్టాలి' అన్న శాస్త్రం మన ఇళ్ళకు పొడితో పాటు వచ్చిందే. రాజస్థాన్‌లోని సోజత్ పొడికి 2021లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, మంచి పొడే. కానీ ఎండిన ఆకు తడిసి ముడి విప్పుకోవడానికి దానికి వ్యవధి కావాలి. పచ్చి ఆకు పద్ధతినీ పొడి పద్ధతినీ కలగాపులగం చేసుకున్నది మనమే.

ఎంతసేపు అన్నదానికి గడియారం చూడకండి, గిన్నె చూడండి. పైపొర గోధుమ రంగుకు తిరిగి, గరిటెతో కదిపితే లోపల పచ్చగా ఉంటే రంగు విడుదలవుతోందని గుర్తు. అయితే ఈ గుర్తు ఒక్కదాన్నే నమ్మి నేను మోసపోయాను. చచ్చిపోయిన మైదాకు కూడా పైన గోధుమగానే ఉంటుంది. అసలు పరీక్ష అరచేతిలో చుక్క. ఐదు నిమిషాలుంచి తుడిస్తే స్పష్టమైన నారింజ రంగు మిగలాలి. అది కనబడ్డ క్షణం నుంచీ పెట్టుకోవచ్చు. పెట్టే మనిషి ఆలస్యంగా వస్తుందంటే, కోన్లలో నింపి ఫ్రీజర్లో పెట్టేయండి. చల్లదనం దిగుడును ఆపేస్తుంది, నెలల తర్వాత తీసినా పండుతుంది. పొడి మీద మరిగే నీళ్ళు పోసి తొందరపెట్టే పని మాత్రం చేయకండి, ఎక్కుడు ఎంత తొందరో దిగుడూ అంత తొందర.

పెట్టుకున్నాక నిమ్మరసంలో చక్కెర కలిపి దూదితో అద్దుతాం కదా, అది మంచిదే. అక్కడ గొప్ప చక్కెరదే. మైదాకు ఎండి రాలిపోకుండా తడిగా చేతికి అంటిపెట్టుకుని ఉంచుతుంది. ఆరేడు గంటలుంచి, నీళ్ళతో కడక్కుండా గీకి తీసి, మర్నాటి దాకా తడి తగలనివ్వకండి. తీయగానే నారింజ రంగే కనబడుతుంది, కంగారు పడొద్దు. ఒకటి రెండు రోజుల్లో అదే ముదురుతుంది. అందుకే పెళ్ళికి రెండు రోజుల ముందు పెట్టాలి. ముందురోజు కాదు.

ఇక ఆ నల్ల కోను. మైదాకు ఏ ఆకుదైనా, ఏ ఊరిదైనా నల్లగా పట్టదు, ఇరవై నిమిషాల్లో అసలే పట్టదు. అలా పట్టిందంటే అందులో జుట్టుకు వేసే నల్లరంగు మందు, పారా ఫినిలీన్ డయామిన్ ఉండే అవకాశమే ఎక్కువ. ఒకసారి ఒంటికి పడకపోతే ఆ పడకపోవడం జీవితాంతం ఉంటుంది. మా పిల్ల ఇక తలకు రంగు వేసుకోకూడదని డాక్టరమ్మ చెప్పి పంపింది. నెలల తరబడి బయట షాపులో వేలాడినా చెడిపోని కోను చూసినప్పుడు, ఫ్రీజర్లో దాచాల్సిన మైదాకు ఇక్కడెట్లా బతికుందని ఒక్క ప్రశ్న వేసుకోండి.

మాఘమాసంలో చిన్నదాని పెళ్ళి జరిగింది. చలి రాత్రులు కాబట్టి ఈసారి నిమ్మరసంతో కలిపి నిజంగానే రాత్రంతా ఉంచాం. తెల్లవారి ఆరింటికి చుక్క పెట్టి చూసి, పండుతోందని తేల్చుకున్నాకే కోన్లు నింపాం. పెళ్ళినాటికి ఆ పిల్ల చేతులు దానిమ్మ గింజల్లా ఉన్నాయి. ఆ అమ్మలక్కలే వచ్చి "అబ్బ, అత్త ఎంత మంచిదో!" అన్నారు. నిజమే కావచ్చు, ఆమెతో మాకింకా అంత పరిచయం కాలేదు.