చేప ఏ గొట్టంలోకి దిగుతుంది?

మృగశిర కార్తె ప్రవేశించే రోజు, అంటే జూన్ 8 అటూ ఇటూగా, ఊళ్ల నుంచి ఆయాసం రోగులు హైదరాబాదు దారి పడతారు. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం వాళ్లు బతికున్న కొరమేను పిల్ల నోట్లో పసుపురంగు ముద్ద పెట్టి రోగి గొంతులోకి జారవిడుస్తారు. ఇది 1845 నుంచి సాగుతోందని వాళ్ల లెక్క. వరుసగా మూడేళ్లు మింగాలి, మింగినప్పుడల్లా 45 రోజులు పథ్యం ఉండాలి. చేప గిలగిలలాడుతూ దిగేటప్పుడు కఫాన్ని ఊడ్చుకుపోతుందట. ఈ నమ్మకాన్ని ఇంతకన్నా మర్యాదగా చెప్పడం నా వల్ల కాదు. మింగినది పోయేది అన్నవాహికలోకి, కఫం ఉండేది ఊపిరి గొట్టాల్లో. చేప దారి తప్పి ఊపిరి గొట్టంలోకి దిగితే దాన్ని వైద్యం అనరు, ఊపిరాడక పోవడం అంటారు. పైగా శాకాహారులకు అదే ముద్దను బెల్లంలో పెట్టి ఇస్తారు. ఊడ్చేది చేపే అయితే, బెల్లం ఏ చీపురుతో ఊడుస్తున్నట్టు?

అయినా తగ్గిందని చెప్పేవాళ్లు వేలల్లో ఉన్నారు కదా అంటారు. వాళ్లందరూ అబద్ధమాడుతున్నారని నేను అనను. ఆస్తమా స్వభావమే అంత. గొట్టం మూసుకుపోతుంది, కొన్నిసార్లు దానంతట అదే తెరుచుకుంటుంది. మిర్చి సీజన్‌లో ముచ్చికలు తీసే కూలీకి ఘాటూ దుమ్మూ మధ్య వచ్చిన ఆయాసం, పని ఆగాక చేప మింగినా మింగకపోయినా నెమ్మదించవచ్చు. తగ్గితే చేప మహిమ, తగ్గకపోతే పథ్యం తప్పిన పాపం లేదా మూడేళ్లు పూర్తిచేయని లోపం. ఎటు తిరిగినా ఓడిపోని వాదన ఇది. ఓడిపోయేదల్లా రోగే.

ఇంతకీ ఆ గొట్టంలో జరిగేదేమిటి? ముందు వాపు వస్తుంది. మనవాళ్లు 'ఇస్నోఫీలియా' అని పిలుచుకునే ఇసినోఫిల్ కణాలు చాలామంది రోగుల్లో గొట్టం లోపలి పొరలోకి చేరి, దాన్ని ఉబ్బించి, ఏ చిన్న దుమ్ముకైనా రేగేలా చేస్తాయి. అలా రేగిన గొట్టం చుట్టూ ఉన్న కండరం పిడికిలిలా బిగుసుకుంటుంది. పొరలోని గ్రంథులు చిక్కటి కఫాన్ని వదులుతాయి, అది గొట్టానికి బిరడాలా అడ్డుపడుతుంది. మూడూ కలిసి గొట్టం వ్యాసాన్ని సగానికి కుదిస్తే, గాలి నిదానంగా సాగే సన్నని గొట్టంలో అడ్డంకి రెట్టింపు కాదు, దాదాపు పదహారు రెట్లవుతుంది. కొద్దిపాటి వాపుకే మనిషి అంతగా ఎగపోయడానికి కారణం ఇదే.

ఇక్కడ మందుల విషయంలోనూ మరో మూఢనమ్మకం కాపురం ఉంటోంది, దాన్ని నమ్మేవాళ్లలో చదువుకున్నవాళ్లూ ఉన్నారు. సాల్బుటమాల్ పంపు పీల్చిన కొద్ది నిమిషాల్లో కండరం సడలుతుంది, ఊపిరి తేలికవుతుంది, ఆ గుణం నాలుగు నుంచి ఆరు గంటలు ఉంటుంది. వాపు మాత్రం అలాగే ఉంటుంది. దాన్ని తగ్గించేది రోజూ పీల్చే బ్యూడెసొనైడ్ లాంటి స్టెరాయిడ్. దాని ఫలం నిమిషాల్లో కాదు, రోజుల్లో, వారాల్లో తెలుస్తుంది. పీల్చిన వెంటనే ఏమీ అనిపించదు కాబట్టి రోగి దాన్ని 'పనిచేయని మందు' అని పక్కన పడేసి, వెంటనే హాయినిచ్చే దాన్నే నమ్ముకుంటాడు. సాల్బుటమాల్ డబ్బాలో సాధారణంగా 200 పఫ్‌లు ఉంటాయి. వారానికి రెండు పఫ్‌లు చాలే మనిషికి అది దాదాపు రెండేళ్లు రావాలి. నెలకొకటి ఖాళీ అవుతోందంటే రోజుకు ఆరేడు పఫ్‌లు పోతున్నట్టు. అంటే లోపల నిప్పు రాజుకుంటూనే ఉంది, పైన పొగను మాత్రం విసురుతున్నారు. అందుకే 2019లో ఆస్తమా చికిత్సకు ప్రపంచస్థాయిలో మార్గదర్శకాలిచ్చే గినా సంస్థ, పెద్దలకూ కౌమారంలో ఉన్నవారికీ సాల్బుటమాల్ ఒక్కదాన్నే ఇవ్వడం ఆపమంది. దాని బదులు ఫార్మోటెరాల్‌ను పీల్చే స్టెరాయిడ్‌తో కలిపిన పంపు ఉపశమనానికీ అదుపుకీ రెండింటికీ పనికొస్తుంది. ఫార్మోటెరాల్ కూడా నిమిషాల్లోనే పని మొదలుపెడుతుంది కాబట్టి ఇది కుదిరింది.

స్టెరాయిడ్ అనగానే భయపడేవాళ్లు కొలత చూడాలి. ఒక పఫ్‌లో 200 మైక్రోగ్రాములుంటే, 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ మాత్రలో మందు బరువు దానికి పాతిక రెట్లు. పీల్చినదాంట్లో ఎక్కువ పని గొట్టంలోనే జరుగుతుంది. గొంతు బొంగురుపోవడం, నోట్లో పూత రావడం నిజమే, కానీ పీల్చాక నీళ్లు పుక్కిలించి ఉమ్మేస్తే అవి చాలావరకు తగ్గుతాయి. పంపు అలవాటైతే వదలదన్న మాటకూ ఆధారం లేదు. వదలనిది వాపు. మందు మానేస్తే అది తిరిగి వస్తుంది.

చేప మందు వల్ల కలిగే అసలు కీడు కూడా ఈ మానేయడంలోనే ఉంది. రోగం పోయిందనుకుని రోజువారీ పంపు ఆపేసిన మనిషి వెంటనే దెబ్బతినడు. వాపు వారాల తరబడి మెల్లగా పేరుకుంటుంది, ఒక రాత్రి కఫం బిరడా పడ్డాక ఆయాసం కండరాన్ని సడలించే పంపుకు లొంగదు. బిరడా అడ్డుపడితే మందు లోపలికి వెళ్లేదెక్కడ? మాట పూర్తిగా రాని స్థితిలో ఆ మనిషిని ఆస్పత్రికి మోసుకొస్తారు. అందుకని నాంపల్లి లైన్లో నిలబడినవాళ్లను అడగాల్సింది ఎన్నేళ్లుగా చేప మింగుతున్నారని కాదు. గడిచిన ఏడాదిలో ఎన్ని సాల్బుటమాల్ డబ్బాలు ఖాళీ చేశారని అడగాలి. మూడు, అంతకు మించి అని జవాబొస్తే, ఆ మనిషికి ఉబ్బసం తీవ్రంగా తిరగబడే ముప్పు పెరిగినట్టే. ఆయన లైన్లోంచి బయటికొచ్చి వాపు మందు గురించి డాక్టరును కలవాల్సిన రోజు అదే.