మలాయి విరిగింది, ఖుసూర్ ఎవరిది?

ఈమధ్య ధర్మవరంలో మా చుట్టాలింట వలీమా దావత్. ఎనిమిది కిలోల ముర్గ్ మలాయి సాలన్ చివరి నిమిషంలో విరిగిపోయింది. రుచి బాగానే ఉంది, చూస్తే మాత్రం పలచటి నీళ్లలో తెల్లటి రవ్వ తేలుతున్నట్టు ఉంది. మెహమాన్లు తిని వెళ్లారు. బావర్చీ భాయ్‌కి మాత్రం మజ్దూరీలో రెండు వేలు కోశారు. ఆయన పెనుకొండ వాడు, బాబయ్య ఉరుసులో దేగ్‌లు దించిన చెయ్యి. ఆ కోత ఇన్సాఫ్ కాదని నా రాయి.

జరిగింది ఇదీ. పెళ్లికొడుకు తమ్ముడు ఫోన్లో ఇంగ్లండు వంట వీడియో చూపించి, అలాగే చేయమన్నాడు. అందులో ‘డబుల్ క్రీమ్ పోసి పావుగంట మరిగించండి’ అని ఉంది. హిందూపురం దుకాణంలో అడిగితే ఫ్రెష్ క్రీమ్ డబ్బాలు ఇచ్చారు. క్రీమ్ క్రీమే కదా అనుకుని తెచ్చారు. భాయ్ టమాటా, పెరుగు వేసి కుతకుతలాడుతున్న సాలన్‌లో రెండు లీటర్లు పోసి, మూత పెట్టి పావుగంట ఉంచాడు. చెప్పింది చెప్పినట్టే చేశాడు.

ఫరక్ అంతా కొవ్వు శాతంలో ఉంది. ఇంగ్లండులో సింగిల్ క్రీమ్ అంటే కనీసం 18 శాతం కొవ్వు, డబుల్ అంటే కనీసం 48. మన దుకాణాల్లో దొరికే ఫ్రెష్ క్రీమ్ చాలావరకు 25 శాతం. అంటే అది సింగిల్‌కి చుట్టం, డబుల్‌కి కాదు.

కొవ్వు ఎక్కువైతే ఎందుకు విరగదు? విరిగేది కొవ్వు కాదు, పాలలోని కేసీన్ అనే ప్రోటీన్. పులుపు, వేడి రెండూ కలిసినప్పుడు అది ముద్ద కడుతుంది. పాలల్లో నిమ్మకాయ పిండితే పనీర్ అయ్యేది అందుకే. 18 శాతం క్రీమ్‌లో ఒక గ్రాము ప్రోటీన్‌కి కొవ్వు ఆరేడు గ్రాములే. డబుల్‌లో అదే గ్రాముకి ముప్పై గ్రాముల దాకా కొవ్వు. ముద్ద కట్టే ప్రోటీన్ తక్కువ, అది కూడా కొవ్వు బొట్ల మధ్య దూరదూరంగా ఉంటుంది. అందుకే డబుల్ క్రీమ్ మరుగుని తట్టుకుంటుంది. అలాగని దానికీ హద్దు లేకపోలేదు. నీరంతా ఇగిరేదాకా కాస్తే కొవ్వు కరిగి నూనెగా విడిపోతుంది.

మరి కుకింగ్ క్రీమ్? కొవ్వు ఇరవై శాతం చుట్టూ ఉన్నా చాలావాటిలో చిక్కబరిచే దినుసులు కలుపుతారు. అవి ప్రోటీన్‌ని ఒకదానికొకటి అంటుకోకుండా ఆపుతాయి. అందుకే కొవ్వు తక్కువైనా మరుగులో నిలబడుతుంది. మన 25 శాతం డబ్బాల్లోనూ కొన్నిటిలో ఇవి ఉంటాయి, కాబట్టి కాసేపటి చిన్న మంటకి ఓర్చుకుంటాయి. పుల్లటి సాలన్‌లో పావుగంట మాత్రం వాటితో కాదు. బేకరీలో ‘విప్పింగ్’ అని ఇచ్చేది ఇంకో తమాషా. చాలాసార్లు అది పాలదే కాదు, చక్కెర కలిపిన వనస్పతి కొవ్వు. డబ్బా మీద ‘నాన్ డెయిరీ’ అని ఉంటే సాలన్‌కి పనికిరాదు.

ఇంట్లో గేదెపాల మీద తీసిన మలాయి చిక్కగా ఉంటుంది కదా అని నేరుగా వేయకండి. అందులో పాల మీద కట్టిన తొరక ప్రోటీన్ కూడా ఉంటుంది, పలుకులు పలుకులుగా తేలుతుంది. ముందు మెత్తగా గిలక్కొట్టి, చివర్లో వేయాలి.

విరిగిందో లేదో ఎలా తెలుస్తుంది? ఖుర్మా పైన తేలే ఎర్రటి తర్రీ చూసి కంగారు పడొద్దు, అది మసాలాలో వేగిన నూనె, హునర్‌కి నిషానీ. గరిటె వెనక సాలన్ పరచి చూడండి. సన్నటి తెల్ల రవ్వ, దాని పక్కన పలచటి నీళ్లు కనబడితే విరిగినట్టు. వెంటనే మంట తీసి, జీడిపప్పు ముద్ద కలిపి మిక్సీలో తిప్పితే కంటికి కాస్త సర్దుకుంటుంది. గడ్డకట్టిన ప్రోటీన్ మాత్రం వెనక్కి పోదు.

ఆ రోజు అదే డబ్బాలతో పని జరిగి ఉండేది. టమాటా, పెరుగు పూర్తిగా వేగి నూనె తేలాక, ముక్క ఉడికాక, మంట ఆర్పి రెండు నిమిషాలు ఆగాలి. రెండు గరిటెల వేడి సాలన్ క్రీమ్‌లో కలిపి దాన్ని గోరువెచ్చగా చేసి, అప్పుడు దేగ్‌లో సన్నగా పోయాలి. ఆ తర్వాత మరగనివ్వకూడదు. మరిగించే తీరాలంటే లీటరు క్రీమ్‌కి రెండు చెంచాల మైదా ముందే ఉండలు లేకుండా కలుపుకుంటే కొంత కాపాడుతుంది.

ఇవన్నీ భాయ్‌కి తెలియవా? తెలుసు. ఆయన తజుర్బాలో మలాయి ఎప్పుడూ దించేముందే పడుతుంది. వీడియో మాట విని తన మాట వదులుకున్నాడు, అంతే. పేరు చూసి డబ్బా తెచ్చింది ఇంటివాళ్లు, మరిగించమన్నది ఇంటివాళ్లు. శాతం చదవనిది మనం, జుర్మానా ఆయనకా? ఆ రెండు వేలు తిరిగి ఇవ్వడమే హఖ్.