కుంకుడు రసం తలకే... కంటికి కాదు!

ఒక సోమవారం ఉదయం ఓపీకి ఓ నాయనమ్మ ఆరేళ్ల మనవడిని భుజాన వేసుకుని వచ్చారు. బాబు కళ్లు తెరవడం లేదు. వెలుతురు పడితే చాలు ఏడుస్తున్నాడు. ‘‘నిన్న తలంటు పోశాను డాక్టరుగారూ. షాంపూ కాదు, కుంకుడుకాయే. అందులో ఏ కెమికలూ ఉండదు కదా!’’ అన్నారామె. మనలో చాలామంది నమ్మకం ఇదే. కానీ ఇది నిజం కాదు.

కుంకుడుకాయ తొక్కలోనూ, శీకాయలోనూ సపోనిన్లు అనే రసాయనాలు ఉంటాయి. వీటి అణువులో ఒక భాగం నీటితో, మరో భాగం నూనెతో కలుస్తుంది. తలకు పట్టిన జిడ్డును నూనెను ఇష్టపడే భాగం పట్టుకుంటుంది, నీటిని ఇష్టపడే భాగం దాన్ని నీటిలోకి లాగేస్తుంది. షాంపూ కూడా ఈ పద్ధతిలోనే పనిచేస్తుంది. తేడా ఏమిటంటే, మామూలు సబ్బుకు క్షార గుణం ఉంటుంది, కుంకుడు రసం కొద్దిగా ఆమ్లంగా ఉంటుంది. అందుకే చాలామందికి దీంతో జుట్టు మెత్తగా అనిపిస్తుంది.

అయితే సపోనిన్‌కు తల మీది నూనె ఏదో, ఒంట్లోని కొవ్వు ఏదో తెలియదు. మన శరీర కణాల చుట్టూ ఉండే పొర కూడా కొవ్వుతోనే తయారవుతుంది. చర్మం పైన మృతకణాల పొర కవచంలా ఉంటుంది కాబట్టి కాసేపు రసం తగిలినా ఇబ్బంది ఉండదు. కంటి నల్లగుడ్డు మీద ఉండే కార్నియాకు అలాంటి కవచం లేదు. రసం పడగానే ముందు కన్నీటి మీది పల్చటి నూనె పొర పోతుంది, తర్వాత కార్నియా పైకణాలు దెబ్బతింటాయి. భరించలేని మంట అందుకే. బాబు కంట్లో మా కంటి డాక్టరు రంగు చుక్క వేసి నీలి కాంతిలో చూస్తే, కార్నియా నిండా సూదితో గుచ్చినట్లు ఆకుపచ్చ చుక్కలు మెరిశాయి. అవన్నీ పైకణాలు ఊడిపోయిన చోట్లు.

ఇంతకీ పొరపాటు ఎక్కడ జరిగింది? బాబు తలకు నూనె కారేటట్టు పట్టించారు. అది వదలాలంటే మామూలు రసం చాలదు కనుక, చెంబుడు వేడినీళ్లలో పదిహేను కాయలు పిసికారు. నురగ తగ్గిందని రెండోసారీ పోశారు. నిజానికి నురగ ఎంత వస్తే అంత శుభ్రమని లెక్క లేదు. కళ్లు మండుతున్నాయని ఏడిస్తే నోట్లో ఉప్పుకల్లు వేశారు, కళ్లలో ఆముదం చుక్క వేశారు. ఉప్పుకల్లుతో నష్టమూ లేదు, లాభమూ లేదు. ఆముదం మాత్రం వేయకూడదు. చేయాల్సిన అసలు పనేమో జరగలేదు.

అదేమిటంటే, కళ్లు కడగడం. రసం పడిన వెంటనే తల పక్కకు వంచి, రెప్పలు తెరిచి, ముక్కు వైపు నుంచి చెవి వైపుకు పారేలా మంచినీటి ధార పోయాలి. కనీసం పది పదిహేను నిమిషాలు పోయాలి. పిల్లల్ని కళ్లు నులుముకోనివ్వకూడదు. ఆముదం, తల్లిపాలు, తేనె ఏవీ వేయొద్దు. మందుల షాపులో అడిగి చుక్కల మందు తెచ్చుకోవద్దు. అందులో స్టెరాయిడ్ ఉంటే కార్నియా పుండు ముదిరే ప్రమాదం ఉంది. కడిగాక గంట రెండు గంటలకూ నొప్పి తగ్గకపోయినా, వెలుతురు చూడలేకపోయినా, చూపు మసకబారినా కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మా బాబుకు మూడు రోజుల్లో నయమైంది. చాలామందికి అలాగే తగ్గుతుంది. కానీ నులిమితే, ఇన్‌ఫెక్షన్ చేరితే అంత తేలిగ్గా తగ్గదు.

కుంకుడుకాయ మానేయమని నేను చెప్పను. పద్ధతి మార్చుకోమంటాను. పిల్లల తలకు నూనె తక్కువ రాయండి, అప్పుడు పల్చటి రసమే సరిపోతుంది. అర లీటరు నీటికి నాలుగైదు కాయలు చాలు. గింజ తీసి నానబెట్టి, పిసికి, పల్చటి బట్టలో వడకట్టండి. శీకాయ పొడిని తప్పకుండా వడకట్టాలి, కంట్లో పడితే ఆ నలుసులు గీసుకుంటాయి. పిల్లల తల వెనక్కి వంచి, నుదుటికి మడిచిన తువ్వాలు అడ్డం పెట్టి పోయండి. మిగిలిన రసం మర్నాటికి దాచొద్దు, పులిసిపోతుంది.

నెలల పిల్లలకు, గజ్జి, ఎగ్జిమా ఉన్నవారికి, పేలు గోకి తల పుండ్లు పడినవారికి ఇది వద్దు. అక్కడ చర్మపు కవచం అప్పటికే చెదిరి ఉంటుంది. సున్నిత చర్మం ఉన్నవారు ముందుగా పల్చటి రసాన్ని మోచేతి మడతలో రాసి, కొద్దిసేపటికి కడిగేయండి. వరసగా మూడు నాలుగు రోజులు ఇలా చేసినా దురద, ఎరుపు రాకపోతే తలకు వాడొచ్చు. ఆస్తమా ఉన్నవారు కాయలు దంచే చోట, పొడి జల్లించే చోట ఉండకండి.

కాయ చెట్టుకు కాసిందే కావచ్చు. కంట్లో పడ్డాక మాత్రం అదీ రసాయనమే.