సినిమా పేరును కాదు, సినిమాను వెతకండి

పోస్టు కొంచెం పెద్దదే, తీరిగ్గా చదవండి.

మన గ్రూపులో తరచూ కనబడే మాట ఒకటుంది. "ఫలానా సినిమా పేరు కొట్టి ఎంత వెతికినా రాలేదండీ, అసలు నెట్‌లో లేనట్టుంది." మా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాం. చాలాసార్లు సినిమా ఉంటుంది, ఆ దేశంలో దానికి ఆ పేరు ఉండదు, అంతే. పేరు పెట్టేది సినిమా తీసినవాళ్లే అనుకుంటాం గానీ, పరాయి దేశంలో విడుదల చేసేటప్పుడు అక్కడ కొనుక్కున్నవాళ్లు తమ జనానికి పలికే పేరు పెట్టుకుంటారు. కాబట్టి పేరునే పట్టుకుని వేలాడితే లాభం లేదు.

ఈ సంగతి మనకంటే బాగా ఎవరికి తెలుస్తుంది? 2012లో రాజమౌళి గారి 'ఈగ' వచ్చింది. తెలుగుతోపాటు తమిళంలోనూ తీశారు, అక్కడ అది 'నాన్ ఈ'. మలయాళంలో 'ఈచ', హిందీలో 'మక్ఖీ'. తమిళనాట పెరిగిన మన పిల్లల్లో 'నాన్ ఈ' అంటేనే గుర్తుపట్టేవాళ్లు ఉన్నారు. ఒకే ఇంట్లో తాతకో పేరు, మనవడికో పేరు. మన దేశంలోనే ఇలా ఉంటే, సముద్రం దాటాక ఎలా ఉంటుందో ఈ సినిమాతోనే చూద్దాం.

జపాన్‌లో ఉద్యోగం చేస్తున్న మన కుర్రాడొకడు అక్కడి స్నేహితులకు 'ఈగ' చూపించాలనుకున్నాడనుకుందాం. తెలుగు పేరును జపాన్ లిపిలో రాసి వెతికితే లాభం ఉండదు. ఈగకు జపాన్ భాషలో ఉన్న మాట వేసి వెతికినా అంతే. ఎందుకంటే 2013లో అక్కడ సినిమా విడుదలైంది హిందీ పేరుతో. జపాన్ లిపిలో దాన్ని マッキー అని రాశారు, పలికితే 'మక్కీ'. పోనీ ఆ పేరే తెలిసిందనుకుందాం, అప్పుడు ఇంకో చిక్కు. అదే స్పెల్లింగుతో అక్కడ బాగా అమ్ముడయ్యే మార్కర్ పెన్ను ఒకటుంది. పేరొక్కటే కొడితే స్క్రీను నిండా పెన్నులు వస్తాయి, ఈగ రాదు.

ఇక్కడ చేయాల్సింది రెండు పనులు. మొదటిది, పేరు పక్కన అదేమిటో కూడా చెప్పాలి. జపాన్ భాషలో 'ఇండియా సినిమా' అనే మాట చేర్చి ఇలా వెతకాలి:

```
マッキー インド映画
```

పెన్నులు తప్పుకుని సినిమా ముందుకొస్తుంది. రెండోది, అక్కడి పేరు అసలు తెలియకపోతే తెలుగు వికీపీడియాలో 'ఈగ' సినిమా పేజీ తెరవాలి. భాషల జాబితాలో 日本語 అని ఉన్నదాన్ని నొక్కితే జపాన్ భాషలోని పేజీ వస్తుంది, దాని తలకట్టే అక్కడి పేరు. మనం అనువాదం చేసుకోనక్కర్లేదు. ఎదురుగా కూడా ఇదే దారి పనిచేస్తుంది. పరాయి భాషలో పోస్టరు చూసి ఇది మన ఏ సినిమా అని తెలుసుకోవాలంటే, ఆ భాష పేజీనుంచి తెలుగు పేజీకి రావచ్చు. వికీపీడియాలో పేజీ లేకపోతే IMDbలో సినిమా తెరిచి Also known as అన్నచోట చూడండి. ఏ దేశంలో ఏ పేరుతో విడుదలైందో అక్కడ వరసగా ఉంటుంది.

అనువాదం నమ్ముకోవద్దని ఎందుకంటున్నామో ఒక్క ఉదాహరణ. 'దంగల్' చైనాలో 摔跤吧！爸爸 పేరుతో ఆడింది. అర్థం దాదాపు 'కుస్తీ పట్టు నాన్నా!' అని. 'దంగల్' అనే మాటను ఎన్నిసార్లు చైనా భాషలోకి మార్చినా ఆ పేరు రాదు. అదే ఆమిర్ ఖాన్ పేరును ఆ భాషలో వెతికి, ఆయన సినిమాల జాబితాలో 2016 దగ్గర చూస్తే ఇట్టే దొరుకుతుంది. సినిమా పేరు మారినా మనిషి మారడు కదా.

అయితే మనిషి పేరూ కొన్నిసార్లు మోసం చేస్తుంది. 'ఈగ'కు సంగీతం కీరవాణి గారిది. తమిళంలో ఆయన మరగతమణి, హిందీలో ఎం.ఎం. క్రీమ్. 'మరగతమణి అని ఉంది కాబట్టి ఇది వేరే సినిమా' అనుకుంటే దారి తప్పినట్టే. సంవత్సరం విషయంలోనూ జాగ్రత్త కావాలి. జపాన్ పోస్టరు మీద 2013 కనబడుతుంది, మన సినిమా 2012ది. ఒకటి రెండేళ్లు వెనక్కి వెతకడం అలవాటు చేసుకోవాలి. పాత సినిమాలైతే ఈ తేడా ఇంకా ఎక్కువ ఉండొచ్చు.

దొరికింది కదా అని వెంటనే సంబరపడకూడదు. అది పేరు మారిన అదే సినిమానా, లేక అదే కథతో మళ్లీ తీసిన సినిమానా అన్నది తేల్చుకోవాలి. 1972లో హేమమాలిని నటించిన 'సీతా ఔర్ గీతా' సోవియట్ దేశంలో Зита и Гита, అంటే 'జీతా ఇ గీతా'గా ఆడింది. ఇది పేరు మారిన అదే సినిమా. 1973లో తెలుగులో వచ్చిన 'గంగ మంగ' అదే కథ, కానీ వేరే సినిమా, అందులో వాణిశ్రీ. 1974లో తమిళంలో వచ్చిన 'వాణి రాణి' కూడా అదే కథ, అందులోనూ వాణిశ్రీయే. కథ ఒకటే, నాయిక ఒకరే అని 'గంగ మంగ', 'వాణి రాణి' ఒకే సినిమాకు రెండు పేర్లనుకుంటే తప్పు. ఇలాంటిచోట దర్శకుడు, నాయకుడు, సంవత్సరం మూడూ సరిపోల్చాలి. మూడూ కలిస్తేనే అదే సినిమా. ఒక్కటి తేడా వచ్చినా ఆగి చూడాలి.

ఇదంతా మన సంఘానికి ఎందుకంటారా? మన పెద్దవాళ్లు చూసిన సినిమాల జాబితా రాస్తున్నాం, పండుగలకు సినిమాలు వేస్తున్నాం. రెండుచోట్లా పేరొక్కటే రాసి వదిలేస్తున్నాం. మద్రాసులో చూసినవాళ్లు తమిళ పేరు, బెంగళూరులో చూసినవాళ్లు తెలుగు పేరు, బరంపురంలో చూసినవాళ్లు హిందీ పేరు చెబుతారు. పదేళ్ల తర్వాత ఆ జాబితా చూసేవాళ్లకు మూడు సినిమాలా, ఒకటేనా అన్నది తెలియదు. చెప్పడానికి అప్పటికి ఆ పెద్దలు ఉండకపోవచ్చు.

'పోస్టరు ఫొటో పెడితే చాలదా' అని కొందరు సభ్యులంటున్నారు. ఫొటోతో వెతకడం మంచిదే, కొత్త సినిమాలకు బాగానే పనిచేస్తుంది. కానీ ఎన్నో పాత సినిమాలకు పోస్టరే మిగల్లేదు. మిగిలినా, ఏ భాషలోది దొరికితే ఆ పేరే జాబితాకెక్కుతుంది.

కాబట్టి మా సూచన ఇది. ఇకమీదట జాబితాలో ప్రతి సినిమాకు అసలు భాషలోని పేరు, మొదట విడుదలైన సంవత్సరం, దర్శకుడు, ముఖ్య నటులు, చూసిన భాష రాయాలి. పెద్దలు చెప్పిన పేరును మాత్రం కొట్టేయొద్దు, పక్కనే ఉంచాలి, వాళ్లు చూసింది ఆ పేరుతోనే కదా. IMDbలో ఉన్న సినిమాకు ttతో మొదలయ్యే నంబరు ఒకటి పేజీ చిరునామాలోనే కనబడుతుంది. అదీ రాస్తే ఇంకా మంచిది. పేరు ఎన్ని దేశాల్లో ఎన్నిసార్లు మారినా ఆ నంబరు మారదు.

వచ్చే సమావేశంలో ఈ విషయం తేల్చుకుందాం. ఈలోగా మీ ఇంట్లో పెద్దవాళ్లను అడిగి ఒక్కొక్కరు ఒక్క సినిమాకు ఈ వివరాలు రాసి తెండి.