ఆవకాయ అడిగితే గోంగూర వెళ్లింది!

మల్కాజ్‌గిరిలో మా ఇంటి నుంచే పచ్చళ్లు పార్సిల్ చేస్తుంటాం. పోయిన వేసవిలో ఒకేసారి ఆరు డబ్బాలు సర్ది, టేపేసి, చివర్లో అడ్రస్‌లు అంటించాం. ఇంకేముంది, ఆవకాయ అడిగినవాళ్లకి గోంగూర, గోంగూర వాళ్లకి ఆవకాయ! రెండూ మళ్లీ పంపేసరికి వచ్చిన లాభం కాస్తా పోయింది. మూసేశాక డబ్బాలన్నీ ఒకేలా ఉంటాయి కదా, తప్పు అక్కడ జరిగింది.

ఇప్పుడు బల్ల మీద ఒక్క ఆర్డరే ఉంటుంది. అమ్మ చీటీ చదివితే, నేను సీసా మీది పేరు, బరువు చూసి పైకి చెప్తాను. డబ్బా తెరిచి ఉండగానే చీటీతో కలిపి ఫొటో తీస్తాం. మూసి, అడ్రస్ అంటించాకే రెండో ఆర్డర్ ముట్టుకుంటాం.

నూనె కారడం ఇంకో తలనొప్పి. అందుకే ముందురోజు రాత్రే మూత బిగించి, సీసాని కాగితం మీద బోర్లిస్తాం. పొద్దున మరక కనిపిస్తే ఆ సీసా వెళ్లదు. మరక లేనిదాన్ని కవర్లో కట్టి, అడుగున, పక్కల, పైన రెండేళ్ల మందాన నలిపిన కాగితం కూరుతాం. మూశాక ఊపి చూడండి. లోపల కదిలినట్టు అనిపిస్తే, ఖాళీ ఇంకా ఉన్నట్టే. మళ్లీ తెరవాల్సిందే!