కారు 'కనిపించట్లేదు' అంటే ఖరాబైందని కాదు

మొన్న వానల్లో మా ఖాలా ఊళ్లో వలీమా అయ్యాక దుల్హాభాయ్ కొత్త కారులో కర్నూలుకి తిరిగొస్తున్నాం. ఊరి నుంచి హైవే దాకా నల్లరేగడి దారి. బురదలో రెండుసార్లు చక్రాలు తిరిగి, ఎలాగో బయటపడ్డాం. హైవే ఎక్కి పది నిమిషాలు కాలేదు, టింగ్ అని మీటర్ దగ్గర ఒక మెసేజ్ వచ్చింది.

Blind-Spot Safety system disabled. Radar blocked

దుల్హాభాయ్ మొహం వాడిపోయింది. "అరె యార్, కొత్త బండి, అప్పుడే ఖరాబైందా!" అన్నాడు. బండి పక్కకి ఆపి సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తే, అవతలి అతను బండి చూడకుండానే "సెన్సార్ పోయుంటుంది సార్, తీసుకురండి" అన్నాడట. ఈలోపు దుల్హాభాయ్ దస్తీ తీసి రెండు సైడ్ అద్దాలూ మెరిసేలా తుడిచాడు. పక్కన బండి ఉంటే పసుప్పచ్చ దీపం వెలిగేది ఆ అద్దంలోనే కదా, సెన్సార్ కూడా అక్కడే ఉంటుందని ఆయన ఖయాల్. మెసేజ్ మాత్రం పోలేదు.

నా రాయ్ ఏమిటంటే, మన ఇళ్లలో ఇలాంటి కార్లు కొనేవాళ్లు ఎక్కువయ్యారు గానీ, ఏ కన్ను ఎక్కడుందో బండి అప్పగించే రోజు ఎవరూ సరిగ్గా చూపించట్లేదు. మనమూ అడగట్లేదు. ఆ ఒక్కటి తెలిస్తే సగం పరేషానీ పోతుంది.

చాలా కార్లలో లెక్క ఇది. గీత దాటుతున్నావని హెచ్చరించేది ముందు అద్దం పైభాగంలో, లోపలి అద్దం వెనకాల ఉన్న కెమెరా. ముందు బండికి గుద్దుకుంటావని అరిచేది అదే కెమెరా. కొన్ని బండ్లలో దానికి తోడు ముందు బంపర్‌లోనో గ్రిల్ వెనకో ఒక రాడార్ ఉంటుంది. పక్కన కనపడని చోట బండి ఉందని చెప్పేవి వెనక బంపర్ రెండు మూలల్లో, ప్లాస్టిక్ లోపల దాగిన రెండు రాడార్లు. అద్దంలో దీపం వెలుగుతుంది, అంతే. చూసే కన్ను వెనక బంపర్‌లో ఉంది.

దుల్హాభాయ్‌ని వెనక్కి తీసుకెళ్లి చూపించాను. చక్రాలు ఎగజిమ్మిన రేగడి రెండు మూలల్లోనూ మందంగా పేరుకుపోయి ఉంది. రాడార్ అల పల్చటి ప్లాస్టిక్‌ని దాటిపోతుంది కానీ తడి బురద ఆ అలని మింగేస్తుంది. సీసాలో నీళ్లు పోసి, మెత్తటి గుడ్డతో మూలల్ని పైనుంచి కింద దాకా కడిగాం. మెసేజ్ వెంటనే పోలేదు. "చూశావా, సెన్సారే పోయింది" అన్నాడాయన. "సబర్ చేయండి దుల్హాభాయ్" అన్నాను. ఇంజన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేసి, లారీలూ కార్లూ ఉన్న రోడ్డు మీద కొన్ని నిమిషాలు నడిపాక తనంతట తనే పోయింది.

ఎందుకు ఆలస్యమైందో తెలుసుకోవాలి. తన మొహం మీద బురద ఉందని రాడార్‌కి నేరుగా తెలియదు. పంపిన అల దేనికైనా తగిలి తిరిగిరావాలి. ఏదీ తిరిగిరాకపోతే 'నాకేదో అడ్డం ఉంది' అనుకుంటుంది. మళ్లీ పక్కన బండ్లు కనిపిస్తేనే దానికి యకీన్ కలుగుతుంది. అందుకే చుట్టూ ఏమీ లేని ఖాళీ రోడ్డు మీద, బంపర్ శుభ్రంగా ఉన్నా ఒక్కోసారి ఇదే మెసేజ్ రావచ్చు. జోరు వానలోనూ రావచ్చు. వాన తగ్గి, ట్రాఫిక్‌లోకి రాగానే పోతుంది.

కెమెరాది ఇంకో కథ. దానికి అడ్డం వస్తే Camera obscured లాంటి మాట వస్తుంది. ఒక్క కెమెరా మీద గీత హెచ్చరికా, గుద్దుడు హెచ్చరికా, రాత్రి హెడ్‌లైట్ తనంతట తాను దించుకోవడమూ ఆధారపడి ఉంటాయి గనక, మూడు దీపాలు ఒకేసారి వెలిగి బండి మొత్తం పాడైనట్టు భయపెడతాయి. అసలు జరిగింది అద్దం మీద అరచేయంత చోట మురికి పట్టడం, లేదా తెల్లారుజామున లోపల ఆవిరి కమ్మడం. బయట మురికైతే వాషర్ నీళ్లు కొట్టి వైపర్ తిప్పాలి. ఆవిరైతే ముందు అద్దానికి గాలి కొట్టే బటన్ నొక్కాలి. ఎదురుగా సూర్యుడుంటే కెమెరాకీ మనలాగే కళ్లు చెదురుతాయి, రోడ్డు తిరగ్గానే సర్దుకుంటుంది. కెమెరా పెట్టె మాత్రం విప్పొద్దు, దాని లెన్స్‌ని వేలితో ముట్టొద్దు.

ఇక్కడ మన అలవాటు ఒకటి చెప్పాలి. కొత్త బండి రాగానే అద్దం పైన నట్టనడుమ 'మాషా అల్లాహ్' స్టిక్కర్, లోపలి అద్దానికి తస్బీహ్. దానికి తోడు ఫాస్టాగ్ కూడా అద్దం నడుమే అంటిస్తారు. ఇవి సరిగ్గా కెమెరా చూపుకి ఎదురుగా పడితే మనమే దాని కంటికి గంతలు కట్టినట్టు. ముహబ్బత్‌తో అంటించండి, కాస్త పక్కకి అంటించండి. ముందు బంపర్‌కి ఇనుప గార్డు బిగించినా లోపలి రాడార్‌కి ఇదే ముసీబత్.

మరి సర్వీస్‌కి ఎప్పుడు వెళ్లాలి? మెసేజ్‌లోని మాట చూడండి. Blocked, obscured అంటే ముందు గుడ్డ తీయండి. Check అని మొదలైతే అది లోపలి ఖరాబీ, చూపించాలి. కడిగి, మళ్లీ స్టార్ట్ చేసి, బండ్ల మధ్య కాసేపు నడిపినా పోకపోతే చూపించాలి. బంపర్‌కి దెబ్బ తగిలినా, పుట్టీ పెట్టి రంగు వేయించినా, ముందు అద్దం మార్పించినా మెసేజ్ లేకపోయినా చూపించాలి. కెమెరా, రాడార్ గురి పక్కకి జరిగి ఉండొచ్చు. దాన్ని పరికరాలతో మళ్లీ సరిచేయాల్సిందే.

ఒక మాటతో నాకు గొడవ ఉంది. "పోతే పోనీ, ఈ బీప్ బీప్ గోల లేకుండా ఆఫ్ చేసేద్దాం" అంటారు కొందరు. నేనైతే 'నాకు కనిపించట్లేదు' అని ముందే ఒప్పుకునే బండిని ఈమాన్‌దార్ బండి అంటాను. నాకు భయం మెసేజ్ రాని వేళల్లోనే. పల్చటి దుమ్ము పొర పడితే చూపు మందగిస్తుంది గానీ మెసేజ్ రాకపోవచ్చు. గీతలు చెరిగిపోయిన రోడ్డు మీద గీత హెచ్చరిక పనిచేయదు, దాన్ని అది ఖరాబీగా చెప్పుకోదు కూడా, దాని గుర్తు తెల్లగానో బూడిద రంగులోనో ఊరుకుంటుంది. సన్నటి బైకు పక్కనుంచి దూసుకొస్తే రాడార్ కొన్నిసార్లు పట్టుకోలేదు. మన రోడ్ల మీద పక్కన ఉండేది ఎక్కువగా ఆ బైకే.

ఆ రోజు బంపర్ కడిగే దాకా వెనక సీట్లోంచి అబ్బా ఒకటే అన్నారు: "బేటా, దీపం లేని అంబాసిడర్ ముప్పై ఏళ్లు నడిపాను. మెడ తిప్పి చూసేవాణ్ణి." దుల్హాభాయ్ నవ్వాడు. కర్నూలు దాకా లైన్ మారిన ప్రతిసారీ మెడ తిప్పాడు, మెసేజ్ పోయాక కూడా. ఇప్పుడు ఆయన డిక్కీలో ఒక నీళ్ల సీసా, ఒక మెత్తటి గుడ్డ ఎప్పుడూ ఉంటున్నాయి.